టెండరు నుంచి తప్పుకునే ఉత్తరం: ఏ రోజున రాస్తే ధరావతు దక్కుతుంది

(సరఫరాదారులు, చిన్న కాంట్రాక్టర్ల కోసం ఇచ్చిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. ఇక్కడున్నవాళ్లలో ఎక్కువమంది టెండర్లు వేసేవాళ్లు, వేయించేవాళ్లు. అందుకని టెండరు అంటే ఏమిటి, ఈఎండీ అనే ధరావతు ఎందుకు కడతాం అని మొదటినుంచి చెప్పను. ఒకే ఒక్క కాగితం గురించి మాట్లాడుకుందాం. బిడ్ వేశాం, తెరిచారు, పని ఇంకా ఎవరికీ ఖరారు కాలేదు. ఈలోగా మనకు ఆ పని చేయలేని పరిస్థితి వచ్చింది. అప్పుడు లెటర్‌హెడ్ మీద 'మేం తప్పుకుంటున్నాం, కారణాలు ఇవి, మా ధరావతు వాపసు ఇప్పించగలరు' అని ఒక ఉత్తరం రాస్తాం. ఆ ఉత్తరం సంగతి.

చాలా ఆఫీసుల్లో ఈ ఉత్తరం రాసేటప్పుడు శ్రమంతా కారణాల మీదే పెడతారు. ధరలు పెరిగాయని ఒక పేరా, బ్యాంకు లిమిట్లు సరిపోవని ఒక పేరా, గతంలో ఆ శాఖకు ఎంత బాగా పనిచేశామో ఇంకో పేరా. దాన్ని చదివే అధికారి మాత్రం ముందుగా రెండే చూస్తాడు: ఉత్తరం ఏ తేదీన అందింది, టెండరు పత్రంలో ధరావతు జప్తు క్లాజు ఏమంటోంది. ఆ రెండూ మనకు అనుకూలంగా ఉంటే కారణం ఒక్క వాక్యమైనా సరిపోతుంది. ప్రతికూలంగా ఉంటే నాలుగు పేజీలు రాసినా డబ్బు రాదు. కాబట్టి తేదీల దగ్గర మొదలుపెడదాం.

బిడ్ దాఖలు గడువు ఇంకా ముగియలేదనుకోండి. అప్పుడు ఉత్తరంతోనే పని లేదు. పోర్టల్‌లో బిడ్ ఉపసంహరణకు బటన్ ఉంటుంది, డిజిటల్ సంతకం పెట్టి నొక్కితే సరిపోతుంది, ధరావతు వెనక్కి వస్తుంది. ఇక్కడ ఒక్క జాగ్రత్త. కేంద్ర ప్రభుత్వ ఈ-ప్రొక్యూర్‌మెంట్ పోర్టల్‌లో ఒకసారి ఉపసంహరించుకున్నాక అదే టెండరులో మళ్లీ బిడ్ వేయనివ్వదు. రేటు మార్చుకోవడం ఒక్కటే అవసరమైతే ఉపసంహరించవద్దు, గడువులోపు సవరించి మళ్లీ దాఖలు చేయండి.

చిక్కంతా ఆ తర్వాత మొదలవుతుంది. దాఖలు గడువు ముగిసినప్పటి నుంచి బిడ్ చెల్లుబాటు గడువు ముగిసేదాకా, అంటే పత్రంలో రాసిన 60, 90 లేదా 120 రోజులు, మన బిడ్ నిలబడి ఉండాలి. ఈ మధ్యకాలంలో తప్పుకుంటే ధరావతు జప్తు అని దాదాపు ప్రతి టెండరు పత్రంలోనూ రాసి ఉంటుంది. అసలు ధరావతు అడిగేదే అందుకు. కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నియమాలు, 2017లో 170వ నియమం మొదటి వాక్యమే ఇది: చెల్లుబాటు గడువులో బిడ్డరు తప్పుకోకుండా, బిడ్ మార్చకుండా ఉండటం కోసమే బిడ్ సెక్యూరిటీ.

దీని మీద మనవాళ్లలో గట్టిగా పాతుకుపోయిన ఒక నమ్మకం ఉంది. కాంట్రాక్టు చట్టం, 1872లో 5వ సెక్షన్ ప్రకారం, ఆమోదం తెలియజేయకముందు ఎవరైనా తమ ప్రతిపాదనను వెనక్కి తీసుకోవచ్చు. నిజమే. ఖరారు ఉత్తర్వు రాకముందే తప్పుకున్నాం, కాంట్రాక్టే లేదు, లేని కాంట్రాక్టుకు జప్తు ఎక్కడిది అని వాదిస్తారు. వినడానికి బాగుంటుంది, కోర్టులో మాత్రం నిలవలేదు. జాతీయ రహదారుల సంస్థకూ గంగా ఎంటర్‌ప్రైజెస్‌కూ మధ్య నడిచిన కేసు ఇదే. 8వ నంబరు జాతీయ రహదారిలో జైపూర్ భాగంలో టోల్ వసూలు టెండరు, బిడ్ చెల్లుబాటు 120 రోజులు. ఆమోదం అందకముందే బిడ్డరు తప్పుకున్నాడు, సంస్థ ధరావతు జప్తు చేసుకుంది. హైకోర్టు బిడ్డరు వైపు తీర్పు చెప్పింది. 2003లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ తీర్పు సారం ఇది: బిడ్ వెనక్కి తీసుకునే హక్కు వేరు, ధరావతు వేరు. తీసుకోవద్దని చట్టం అనదు, మీరు తీసుకోవచ్చు. కానీ తీసుకుంటే ధరావతు పోతుందన్న షరతుకు ఒప్పుకునే మీరు టెండరు వేశారు, ఆ షరతు మిమ్మల్ని కట్టేస్తుంది. 2011లో హర్యానా ప్రభుత్వానికీ మాలిక్ ట్రేడర్స్‌కూ మధ్య కేసులోనూ సుప్రీంకోర్టు ఇదే మార్గంలో వెళ్లింది.

నష్టం నిరూపించకుండా జప్తు చేయకూడదని అదే చట్టంలోని 74వ సెక్షన్ చూపిస్తూ నోటీసులు ఇచ్చేవాళ్లూ ఉన్నారు. వాళ్లు ఎక్కువగా చూపేది 2015 నాటి కైలాష్ నాథ్ అసోసియేట్స్ తీర్పు. అయితే అదే తీర్పులో ఇంకో మాట కూడా ఉంది: ఒప్పందం కుదరకముందే, బహిరంగ వేలం షరతుల ప్రకారం జరిగే జప్తుకు 74వ సెక్షన్ వర్తించదు. ఆ పేరా చదవకుండా నోటీసు పంపితే అవతలి లాయరు అదే పేరా కాపీ చేసి జవాబిస్తాడు.

జప్తు మొత్తం కూడా అన్నిచోట్లా ఒకేలా ఉండదు. కేంద్ర ప్రజా పనుల శాఖ పత్రాల్లో, దాఖలుకు చివరి తేదీ తర్వాత 7 రోజుల్లోపు తప్పుకుంటే ధరావతులో 50 శాతం, 7 రోజులు దాటాక అయితే మొత్తం పోతుందనే షరతు కనిపిస్తుంది. అంటే 6వ రోజున తెలిసిన సంగతిని 9వ రోజున ఉత్తరం రాస్తే సగం డబ్బు ఊరికే పోగొట్టుకున్నట్టు. మీరు వేసిన పత్రంలో ఏముందో 'బిడ్డర్లకు సూచనలు' భాగంలో వెతికి, ఆ క్లాజు నంబరు కాగితం మీద రాసుకున్నాకే ఉత్తరం మొదలుపెట్టండి.

ఇక మూడో దశ. చెల్లుబాటు గడువు ముగుస్తోంది, శాఖ ఇంకా తేల్చలేదు, 'మరో 60 రోజులు పొడిగించండి' అని అడుగుతుంది. ఎక్కువ పత్రాల్లో ఇక్కడ స్పష్టమైన వాక్యం ఉంటుంది: బిడ్డరు ఈ కోరికను నిరాకరించవచ్చు, నిరాకరించినందుకు ధరావతు జప్తు కాదు. ప్రపంచ బ్యాంకు నిధులతో పిలిచే టెండర్లలోనూ ఇదే. పైగా కాంట్రాక్టు చట్టం 6వ సెక్షన్ ప్రకారం ప్రతిపాదనలో చెప్పిన గడువు దాటితే ఆ ప్రతిపాదన దానంతటదే రద్దవుతుంది. ఈ దశలో మనం తప్పుకోవడం అనేదే లేదు, బిడ్ కాలం తీరిపోతోంది అంతే. ఈ తేడాను ఉత్తరంలో మాటలతో కాపాడుకోవాలి. దీన్ని ఒక ఉదాహరణతో, తేదీలు వేసి చూద్దాం.

రాగి కేబుళ్ల సరఫరా టెండరు అనుకుందాం. అంచనా విలువ 6 కోట్లు, ధరావతు 2 శాతం, అంటే 12 లక్షలు, బ్యాంక్ గ్యారంటీ రూపంలో ఇచ్చాం. రేటు స్థిరం, ధరల హెచ్చుతగ్గులకు సర్దుబాటు లేదు. బిడ్లు 2025 మే 5న తెరిచారు. ఆ తేదీ నుంచి 90 రోజుల చెల్లుబాటు. తెరిచిన రోజును వదిలేసి లెక్కపెడితే 90వ రోజు ఆగస్టు 3. గ్యారంటీ దానికి మరో 45 రోజులు ఎక్కువ, అంటే సెప్టెంబరు 17 దాకా ఉంటుంది. మనం ఎల్1, అంటే అందరికన్నా తక్కువ రేటు మనదే. రాగి ధర పెరిగింది, ఇప్పుడు అదే రేటుకు ఇస్తే 40 లక్షలు చేతి నుంచి పడతాయి. జులై 28న శాఖ నుంచి ఈమెయిల్ వచ్చింది: అక్టోబరు 2 దాకా బిడ్, దానికి తగ్గట్టు బ్యాంక్ గ్యారంటీ పొడిగించండి అని.

ఇక్కడ జరిగే తప్పు చూడండి. జులై 30న కంపెనీ ఇలా ఉత్తరం పంపుతుంది: 'విషయం: టెండరు నుంచి ఉపసంహరణ. రాగి ధరలు విపరీతంగా పెరిగినందున మా బిడ్‌ను ఉపసంహరించుకుంటున్నాం. ధరావతు వాపసు ఇవ్వగలరు.' శాఖలో ఈ ఉత్తరం మీద గుమాస్తా రాసే నోట్ ఒక్క లైనే: 'చెల్లుబాటు గడువులో ఎల్1 బిడ్డరు ఉపసంహరించుకున్నారు, జప్తు క్లాజు ప్రకారం ఉత్తర్వుల కోసం సమర్పించడమైనది.' ఆ నోట్‌లో అబద్ధం ఏమీ లేదు. ఆగస్టు 3 రాకముందే 'ఉపసంహరణ' అన్న మాట మనమే రాసిచ్చాం. ఐదు రోజులు ఆగి ఉంటే, ఆ మాట వాడకుండా ఉండి ఉంటే, ఇదే కంపెనీకి ఇదే 12 లక్షలు మీద ఎవరూ చెయ్యి వేయలేకపోయేవారు.

ఎల్1 విషయంలో శాఖ ఎందుకంత పట్టుదలగా ఉంటుందో కూడా తెలుసుకోవాలి. ఎల్1 వెనక్కి తగ్గితే ఎల్2ను పిలిచి బేరమాడటానికి వీల్లేదు, మళ్లీ టెండరు పిలవాలి అని కేంద్ర విజిలెన్స్ కమిషన్ 2007లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఉంది. అంటే నెలల పని మళ్లీ మొదటికొస్తుంది. పైగా ధరావతు వదిలేస్తే ఆడిట్‌లో సమాధానం చెప్పుకోవాల్సింది ఆ అధికారి. అందుకే ఆయన దయ మీద ఆధారపడే ఉత్తరం రాయకూడదు. సంతకం పెట్టడానికి ఆయనకు ఒక క్లాజు చూపించాలి.

సరైన పద్ధతిలో రెండు ఉత్తరాలు ఉంటాయి. మొదటిది గడువు లోపల, జులై 31న, పొడిగింపుకు జవాబుగా. ఇంగ్లీషులో రాసినా తెలుగులో రాసినా అందులో ఉండాల్సిన వాక్యాలు ఇవి.

'విషయం: టెండరు నంబరు ……, రాగి కేబుళ్ల సరఫరా. బిడ్ చెల్లుబాటు పొడిగింపు కోరికపై మా సమాధానం.
సూచిక: 1. మా బిడ్, పోర్టల్ బిడ్ ఐడీ …… 2. మీ ఈమెయిల్, తేదీ 28.07.2025. 3. టెండరు పత్రం, బిడ్డర్లకు సూచనలు, క్లాజు ……

అయ్యా,
టెండరు పత్రం ప్రకారం మా బిడ్ చెల్లుబాటు, బిడ్లు తెరిచిన 05.05.2025 నుంచి 90 రోజులు. అది 03.08.2025తో ముగుస్తుంది. మీరు కోరిన పొడిగింపుకు మేం సమ్మతించలేకపోతున్నాం. మా రేటుకు ఆధారమైన తయారీదారు కొటేషన్ 03.08.2025 వరకే చెల్లుతుంది, దాన్ని పొడిగించడానికి వారు ఒప్పుకోలేదు. వారి లేఖ జతపరుస్తున్నాం.
03.08.2025 వరకు మా బిడ్ ఏ మార్పూ లేకుండా అమల్లో ఉంటుంది. ఈ లేఖను బిడ్ ఉపసంహరణగా గానీ సవరణగా గానీ పరిగణించవద్దని మనవి. పై క్లాజు ప్రకారం పొడిగింపు నిరాకరణకు ధరావతు జప్తు వర్తించదు.'

ఇందులో ప్రతి వాక్యానికీ పని ఉంది. విషయం లైన్‌లో 'ఉపసంహరణ' లేదు, ఎందుకంటే ఫైల్ ఇండెక్స్‌లో ఎక్కేది ఆ లైనే. తేదీల లెక్క మనమే వేసి చూపించాం. చెల్లుబాటును బిడ్లు తెరిచిన రోజు నుంచి లెక్కించాలా, దాఖలు చివరి తేదీ నుంచి లెక్కించాలా అన్నది పత్రాన్ని బట్టి మారుతుంది. టెక్నికల్, ప్రైస్ కవర్లు వేర్వేరు రోజుల్లో తెరిచే చోట మరీ చూసుకోవాలి. మన లెక్క తప్పయితే వాళ్లు ఇప్పుడే చెబుతారు, జప్తు చేశాక కాదు. కారణం ఒక్కటే, దానికి ఆధారం ఒక కాగితం. ఆ కాగితం నిజంగా ఉంటేనే రాయాలి. తయారీదారు రాయని లేఖను రాసినట్టు చెప్పినా, పాత తేదీ వేయించినా, 12 లక్షల సమస్య కాస్తా తప్పుడు పత్రం సమర్పించిన సమస్య అవుతుంది, కంపెనీ మొత్తాన్ని టెండర్ల నుంచి నిషేధించేదాకా పోతుంది.

'03.08.2025 వరకు అమల్లో ఉంటుంది' అన్న వాక్యం రాయడానికి చాలామంది భయపడతారు. ఆ భయానికి అర్థం ఉంది. ఈ ఉత్తరం అందాక శాఖ తొందరపడి ఆగస్టు 1నో 2నో ఖరారు ఉత్తర్వు ఇస్తే ఆ రేటుకు సరఫరా చేయాల్సిందే. ఆ రిస్కును తీసేసే మాట ఏదీ లేదు. ఆ వాక్యం రాయకపోయినా చట్టం ప్రకారం పరిస్థితి అదే, రాయకపోతే మాత్రం జప్తుకు దారి తెరుచుకుంటుంది.

మధ్యేమార్గంగా కొందరు 'పొడిగిస్తాం, కానీ 8 శాతం ధర పెంచాలి' అని జవాబిస్తారు. ఇది అన్నింటికన్నా ప్రమాదం. పొడిగింపుకు ఒప్పుకునేవాళ్లు బిడ్‌లో ఏదీ మార్చకూడదని పత్రాల్లో ఉంటుంది. షరతు పెట్టిన సమ్మతిని గడువు లోపల బిడ్ సవరించడంగా లెక్కగట్టే వీలుంది, సవరణకూ జప్తు క్లాజు వర్తిస్తుంది. ఒప్పుకుంటే పూర్తిగా ఒప్పుకోవాలి, లేదంటే పూర్తిగా కాదనాలి. మౌనంగా ఉండటమూ మంచిది కాదు. కొన్నిచోట్ల జవాబు లేకపోతే నిరాకరణగా తీసుకుంటారు, కొన్నిచోట్ల ఫైల్‌లో అస్పష్టంగా మిగిలిపోతుంది, ఆ అస్పష్టత ఎప్పుడూ మన ఖర్చులోనే తేలుతుంది.

రెండో ఉత్తరం ఆగస్టు 4న. ఇదే అసలు ధరావతు అడిగే ఉత్తరం.

'మా బిడ్ చెల్లుబాటు 03.08.2025తో ముగిసింది. ఆ తేదీలోపు మాకు ఎలాంటి ఆమోద పత్రం అందలేదు. కాబట్టి మా బిడ్ ఇక అమల్లో లేదు. …… బ్యాంకు జారీ చేసిన గ్యారంటీ నంబరు ……, మొత్తం రూ. 12,00,000, గడువు 17.09.2025. దీని అసలు ప్రతిని, బాధ్యత తీరినట్టు మీ లేఖతో సహా, మాకు గానీ నేరుగా బ్యాంకుకు గానీ పంపించగలరు. 31.07.2025 నాటి మా లేఖ, దానిపై మీ కార్యాలయ రసీదు ముద్ర ప్రతి జతపరిచాం.'

ఇందులో కారణాలు మళ్లీ రాయనక్కర్లేదు. గడువు తీరిపోయిందన్నదే కారణం. ధరావతును ఎప్పటిలోగా ఇవ్వాలన్నదానికి కేంద్ర ప్రభుత్వ సంస్థ అయితే 170వ నియమాన్ని పేర్కొనండి. ఎంపిక కాని బిడ్డర్ల ధరావతు తుది చెల్లుబాటు గడువు ముగిశాక వీలైనంత త్వరగా, ఎంత ఆలస్యమైనా కాంట్రాక్టు ఇచ్చిన 30వ రోజులోపు తిరిగి ఇవ్వాలని అందులో ఉంది. రాష్ట్ర ప్రభుత్వ శాఖలకు వాటి ఉత్తర్వులు వేరు, అక్కడ టెండరు పత్రంలోని క్లాజునే చూపించండి. వడ్డీ మొదటి ఉత్తరంలో అడగవద్దు. ధరావతు మీద వడ్డీ ఇవ్వబోమని పత్రంలోనే ఉంటుంది.

ఉత్తరం అందజేయడం గురించి ఇప్పుడు చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ ఒక్క పూట తేడాతో మొత్తం తలకిందులవుతుంది. కాంట్రాక్టు చట్టం 4వ సెక్షన్ రెండు పక్షాలనూ ఒకేలా చూడదు. శాఖ ఆమోద పత్రాన్ని పోస్టులో వేసి, అది వాళ్ల చేయి దాటిన క్షణానికే మనం కట్టుబడిపోతాం, అది మనకు అందకపోయినా సరే. మన ఉపసంహరణ మాత్రం వాళ్లకు తెలిసినప్పుడే వాళ్ల మీద పనిచేస్తుంది. అంటే శాఖ ఉదయం 11 గంటలకు ఆమోద పత్రం స్పీడ్ పోస్టు చేసింది, మన ఉత్తరం మధ్యాహ్నం 3 గంటలకు వాళ్ల టపాలో చేరింది అనుకుంటే, కాంట్రాక్టు ఏర్పడిపోయింది. ఇప్పుడు మనం వెనక్కి తగ్గితే అది బిడ్ విరమణ కాదు, కాంట్రాక్టు ఉల్లంఘన. ధరావతుతో సరిపెట్టరు, వేరేవాళ్ల దగ్గర కొనడానికి పడిన అదనపు ఖర్చు కూడా మన మీద వేయొచ్చు. మనం రెండు రోజుల ముందే పోస్టు చేశామన్నది ఇక్కడ పనికిరాదు. అందుకే ఇలాంటి ఉత్తరాన్ని ఒకే రోజున మూడు దారుల్లో పంపండి: పోర్టల్‌లో లేదా టెండరు పత్రంలో ఇచ్చిన ఈమెయిల్‌కు, మనిషితో స్వయంగా, స్పీడ్ పోస్టులో. మనిషి చేతికిచ్చిన కాపీ మీద రసీదు ముద్రతో పాటు తేదీ, సమయం చేత్తో రాయించుకోవాలి. ముద్రలో సమయం ఉండదు, మనం అడగకపోతే వాళ్లూ రాయరు.

సంతకం ఎవరిదన్నది ఇంకో చిన్న విషయం, కానీ దీనివల్లే ఉత్తరాలు పక్కన పడిపోతాయి. బిడ్ ఎవరి డిజిటల్ సంతకంతో వేశారో, ఎవరి పేరున బోర్డు తీర్మానం గానీ పవర్ ఆఫ్ అటార్నీ గానీ జతపరిచారో ఆయనే సంతకం చేయాలి. ఆయన కంపెనీ వదిలి వెళ్లిపోయి ఉంటే కొత్తవారి పేరున తీర్మానం ప్రతి జతచేయండి.

ధరావతు ఏ రూపంలో కట్టామన్నదాన్ని బట్టి తిరిగి రావడంలో అడ్డంకులు వేరు. ఆన్‌లైన్‌లో కట్టి ఉంటే డబ్బు కట్టిన ఖాతాకే వెనక్కి వస్తుంది. పోర్టల్‌లో మన బిడ్ స్థితిని అధికారి మారిస్తేనే ఆ రీఫండ్ కదులుతుంది. అకౌంట్స్ విభాగం చుట్టూ తిరిగితే లాభం లేదు, టెండరు పిలిచిన అధికారి లాగిన్‌లో ఆ పని జరగాలి. ఈలోగా ఆ ఖాతా మూసేస్తే డబ్బు తిరుగు టపా అవుతుంది. ఫిక్స్‌డ్ డిపాజిట్ రసీదు ఇచ్చి ఉంటే అసలు రసీదుతో పాటు, దాని మీద తమ హక్కు వదులుకున్నట్టు శాఖ రాసివ్వాలి, అప్పుడే బ్యాంకు లీన్ తీసేస్తుంది.

బ్యాంక్ గ్యారంటీ దగ్గర ఆగి ఆలోచించాలి. మన ఉదాహరణలో బిడ్ ఆగస్టు 3కి పోయింది, గ్యారంటీ మాత్రం సెప్టెంబరు 17 దాకా బతికే ఉంది. ఆ 45 రోజుల్లో శాఖ నేరుగా బ్యాంకుకు 'గడువు పొడిగించండి, లేదంటే సొమ్ము చెల్లించండి' అని రాయొచ్చు. అది బేషరతు గ్యారంటీ. మన వాదన న్యాయమా కాదా అని బ్యాంకు విచారించదు, చెల్లించేస్తుంది. ఘోరమైన మోసం గానీ, తర్వాత ఎప్పటికీ పూడ్చలేని అన్యాయం గానీ ఉంటే తప్ప కోర్టులు గ్యారంటీ చెల్లింపును ఆపవు. అందుకని మొదటి ఉత్తరం గ్యారంటీ ఎవరి పేరున ఉందో ఆ అధికారికి కూడా చేరాలి. చాలాచోట్ల టెండరు పిలిచేది ఒకరు, గ్యారంటీలు దాచేది ఆర్థిక విభాగంలో మరొకరు. వాళ్ల రిజిస్టర్‌లో 'గడువు దగ్గరపడుతోంది' అని మాత్రమే కనిపిస్తుంది, మనం పొడిగింపును కాదన్న సంగతి కనిపించదు. వాళ్లు అలవాటుగా బ్యాంకుకు ఉత్తరం పంపేస్తారు. మీ బ్యాంకు మేనేజరుకు కూడా ఒక కాపీ ఇచ్చి, శాఖ నుంచి ఏదైనా డిమాండు వస్తే వెంటనే ఫోన్ చేయమని చెప్పి ఉంచండి. బ్యాంకు చెల్లింపు ఆపలేకపోయినా ఆ ఒక్క ఫోన్‌తో మీకు శాఖకు వెళ్లి మాట్లాడే టైము దొరుకుతుంది.

ఇక గడువు మధ్యలోనే తప్పుకోక తప్పని పరిస్థితి. మే 5న తెరిచిన బిడ్, జూన్ మధ్యలో తెలిసింది 40 లక్షల నష్టమని. చెల్లుబాటు ఇంకా ఏడు వారాలుంది, ఏ రోజైనా ఖరారు చేయొచ్చు. ఇక్కడ లెక్క నిజాయితీగా వేసుకోవాలి. 12 లక్షలు వదులుకోవడం, 40 లక్షలు పోగొట్టుకోవడం, ఈ రెండింటిలో ఒకటి. తప్పుకోవాలని నిర్ణయిస్తే వెంటనే తప్పుకోండి, ఖరారు ఉత్తర్వు వచ్చాక తప్పుకుంటే పోయేది ఇంకా ఎక్కువ. ఆ ఉత్తరంలో ధరావతు అడగొచ్చా? శాఖ వైపు నుంచి ఏదైనా మారి ఉంటేనే అడగడంలో బలం ఉంటుంది. బిడ్లు వేశాక పరిమాణం మార్చారు, డెలివరీ చోటు మార్చారు, ఒప్పంద షరతు మార్చారు అంటే, 'మేం బిడ్ వేసిన టెండరు ఇది కాదు' అని తేదీలతో చెప్పొచ్చు. ధర పెరిగింది, లెక్క తప్పింది, వేరే పని చేతిలో ఉంది అన్నవి మన వైపు కారణాలు. వాటిని రాస్తే ఉన్నదున్నట్టు ఒక్క వాక్యంలో రాయండి, వాటి మీద వాపసు హక్కు ఉన్నట్టు వాదించవద్దు. ఆ ఉత్తరంలో కాపాడుకోవాల్సింది ఇంకోటుంది: భవిష్యత్తులో ఆ శాఖ టెండర్లలో పాల్గొనే అర్హత. 'క్లాజు ప్రకారం ధరావతుపై తీసుకునే చర్యకు అభ్యంతరం లేదు, ఇతర చర్యలు తీసుకోవద్దని మనవి' అని రాసిన ఉత్తరానికి ఫైల్‌లో దక్కే మర్యాద వేరు.

ఒకటి రెండు ప్రశ్నలకు టైముంది, అడగండి.

ప్రశ్న: మాది ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉన్న చిన్న యూనిట్. ఈఎండీ మినహాయింపు ఉంది. మేం గడువులో తప్పుకుంటే పోయేదేమీ లేదు కదా?

పోయేది ఉంది. ధరావతుకు బదులు మీరు బిడ్ సెక్యూరింగ్ డిక్లరేషన్ ఇచ్చి ఉంటారు, ఒకసారి తీసి చదవండి. గడువులో తప్పుకున్నా, బిడ్ మార్చినా, పత్రంలో చెప్పినంత కాలం టెండర్ల నుంచి సస్పెండ్ చేయడానికి ఒప్పుకుంటూ మీరు సంతకం చేశారు. ఒకే శాఖకు సరుకు ఇచ్చి బతికే యూనిట్‌కు అది 12 లక్షలకన్నా పెద్ద దెబ్బ. పొడిగింపు నిరాకరించే ఉత్తరం మీకూ అదే పద్ధతిలో రాయాలి, ధరావతు జప్తు అన్నచోట డిక్లరేషన్ కింద చర్య అని మార్చుకుంటే సరిపోతుంది.

ప్రశ్న: ఆగస్టు 2న ఆమోద పత్రం వచ్చింది, కానీ అందులో 5 శాతం ధర తగ్గించాలని, డెలివరీ నెల ముందుకు జరపాలని రాశారు. అప్పుడు?

అది ఆమోదం కాదు. కాంట్రాక్టు చట్టం 7వ సెక్షన్ ప్రకారం ఆమోదం ఏ షరతూ లేకుండా, ఉన్నదున్నట్టు ఉండాలి. ఇది శాఖ పెట్టిన కొత్త ప్రతిపాదన, మీరు ఒప్పుకోనక్కర్లేదు. కానీ ఆగస్టు 3 దాకా వాళ్లు షరతులు తీసేసి మీ రేటుకే ఆమోదం పంపే ప్రయత్నం చేయొచ్చని గుర్తుంచుకోండి. జవాబులో, 'మీ లేఖలోని ఫలానా, ఫలానా అంశాలు మా బిడ్‌కు భిన్నంగా ఉన్నందున దాన్ని ఆమోదంగా పరిగణించలేం' అని అంశాలవారీగా రాయండి. ఆ ఉత్తర్వు కింద ఒక్క పనీ మొదలుపెట్టవద్దు, పర్ఫార్మెన్స్ గ్యారంటీ ఇవ్వవద్దు. ఇస్తే కొత్త షరతులకు ఒప్పుకున్నట్టే.

ప్రశ్న: అన్నీ సరిగ్గా రాశాం, మూడు నెలలైంది, జవాబు లేదు.

15 రోజులకోసారి, ముందటి ఉత్తరాల తేదీలు వేస్తూ రిమైండర్ పంపండి, రెండో రిమైండర్ పై అధికారికి కూడా. అప్పటికీ కదలకపోతే ఫైల్‌లో ఏం రాశారో తెలుసుకోవాలి. సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు చేసేటప్పుడు కంపెనీ పేరున వేయకండి, ఆ హక్కు పౌరులకు మాత్రమే ఉంది. డైరెక్టర్లలో ఒకరు తన సొంత పేరున వేయాలి. ఫలానా తేదీల మా లేఖలపై నోట్ ఫైల్ ప్రతులు, ధరావతు వాపసుపై తీసుకున్న నిర్ణయం ప్రతి అని అడగండి, 'ఎందుకు ఇవ్వలేదు' అని అడగవద్దు. కాగితాన్ని అడిగితే ఇవ్వాలి, కారణాన్ని అడిగితే సమాచారం కాదని తిప్పి పంపుతారు. ఆ నోట్‌లో 'ఉపసంహరణ' అని రాసి ఉంటే, మీ మొదటి ఉత్తరంలోని వాక్యాన్ని చూపిస్తూ సవరించమని రాయండి. హైకోర్టుకు వెళ్లాల్సి వచ్చినా రిట్ పిటిషన్‌కు ముందుగా జతపరచాల్సిన కాగితాలు ఆ రెండే: సమయం రాయించుకున్న రసీదు కాపీ, ఆ నోట్ ఫైల్ ప్రతి.